సెన్సార్‌లో లైటు వస్తుంది, పీఎల్‌సీలో రాదు: ఎన్‌పీఎన్, పీఎన్‌పీ సెన్సార్ల కనెక్షన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ప్యానెల్ పనులకు తిరుగుతుంటాను. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో రాత్రి పూట వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకటే మాటతో మొదలవుతాయి: "అన్నా, కొత్త సెన్సార్ ఏసినం. సెన్సార్ల లైటు వస్తున్నది గానీ మిషన్ నడుస్తలేదు." వాళ్లు ఆ తర్వాత అడిగే ప్రశ్నలనే ఇక్కడ రాసి జవాబులు ఇస్తున్నాను. ఇందులో ఎక్కువగా వచ్చేది ఒక మిల్లులోని ఎలివేటర్ స్పీడ్ సెన్సార్ సంగతి. దాన్ని పట్టుకుని పోతే మిగతావి వాటంతటవే తెలుస్తాయి.

సెన్సార్ మీద లైటు వెలిగిందంటే అది బాగున్నట్టే కదా?

లోహాన్ని గుర్తించిందన్నంత వరకు నిజమే. కానీ ఆ లైటు సెన్సార్ లోపలి సర్క్యూట్‌ది. సిగ్నల్ మోసుకుపోయే బ్లాక్ వైరులో కరెంటు పారిందో లేదో అది చెప్పదు. బ్లాక్ వైరు తెగి గాలిలో వేలాడుతున్నా, ఎదురుగా లోహం రాగానే లైటు చక్కగా వెలుగుతుంది.

అందుకే రెండు లైట్లు చూడాలి. ఒకటి సెన్సార్ వెనక ఉండేది, రెండోది మిషన్‌ను నడిపే పీఎల్‌సీ మీద ఆ ఇన్‌పుట్‌కు ఎదురుగా ఉండేది. మొదటిది వెలిగి రెండోది వెలగకపోతే తేడా ఆ రెండింటి మధ్య ఉన్నట్టు. అప్పుడు ల్యాప్‌టాప్ తీసి ప్రోగ్రాం వెతకడం దండగ. వైరు తెగి ఉండాలి, లేదా రెండు పవర్ సప్లైల 0 వోల్టులు కలవకుండా ఉండాలి, లేదా సెన్సార్ రకం ఇన్‌పుట్‌కు సరిపోకుండా ఉండాలి. కొత్తగా మార్చిన సెన్సార్ అయితే ముందు మూడోదాన్నే అనుమానిస్తాను.

ఆ మిల్లులో అసలు ఏం జరిగింది?

బకెట్ ఎలివేటర్ కింది షాఫ్టుకు ఒక బోల్టు ఉంటుంది. షాఫ్టు ఒక చుట్టు తిరిగితే ఆ బోల్టు ఒకసారి ఎం18 సెన్సార్ ముందు నుంచి పోతుంది, పీఎల్‌సీకి ఒక పల్స్ అందుతుంది. బెల్టు జారినా, కింద వడ్లు ఇరుక్కుని షాఫ్టు ఆగినా పల్సులు ఆగిపోతాయి. స్టార్ట్ చేసిన 5 సెకన్లలో పల్స్ రాకుంటే మోటారును ఆపెయ్యాలని ప్రోగ్రాంలో ఉంది.

వైబ్రేషన్‌కు బోల్టు వదులై ముందుకు వచ్చి సెన్సార్ ముఖాన్ని పగలగొట్టింది. మిల్లు నుంచి ఒక కుర్రాడు పాతదాన్ని జేబులో వేసుకుని కొట్టుకు పోయి "ఇట్లాంటిదే ఇయ్యి" అన్నాడు. కొట్టువాడు అట్లాంటిదే ఇచ్చాడు. మర అదే, పొడవు అదే, మూడు వైర్ల రంగులూ అవే. పాతది పీఎన్‌పీ, కొత్తది ఎన్‌పీఎన్. బిగించి స్టార్ట్ నొక్కితే ఎలివేటర్ సరిగ్గా 5 సెకన్లు తిరిగి ఆగిపోతున్నది. సెన్సార్ లైటు మాత్రం చుట్టు చుట్టుకూ టకటకా వెలుగుతూనే ఉంది.

ఎన్‌పీఎన్‌కు, పీఎన్‌పీకి తేడా ఏమిటి?

రెండింటిలోనూ బ్రౌన్ వైరు 24 వోల్టులకు, బ్లూ వైరు 0 వోల్టులకు పోతుంది. ఇవి సెన్సార్ తిండి. తేడా అంతా బ్లాక్ వైరులో ఉంది.

పీఎన్‌పీ సెన్సార్ లోహాన్ని చూడగానే బ్లాక్ వైరును లోపల బ్రౌన్‌తో కలుపుతుంది. అంటే బ్లాక్ మీదికి 24 వోల్టులు వస్తాయి, కరెంటు సెన్సార్ నుంచి బయటికి పోతుంది. దీన్నే సోర్సింగ్ అంటారు. ఎన్‌పీఎన్ సెన్సార్ లోహాన్ని చూడగానే బ్లాక్‌ను బ్లూతో కలుపుతుంది. కరెంటు బయటి నుంచి బ్లాక్ ద్వారా సెన్సార్‌లోకి వచ్చి 0 వోల్టులకు దిగిపోతుంది. ఇది సింకింగ్.

పొలం సంగతిగా చెప్పాలంటే, మడిలో నీళ్లు పారడానికి రెండు మడవలు తెరిచి ఉండాలి, కాలువ వైపుది ఒకటి, దిగువది ఒకటి. పీఎన్‌పీ కాలువ వైపు మడవను తెరిచి మూస్తుంది, దిగువది ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఎన్‌పీఎన్ దిగువ మడవను తెరిచి మూస్తుంది, కాలువ వైపుది ఎప్పుడూ తెరిచే ఉండాలి. పీఎల్‌సీ ఇన్‌పుట్‌లో ఆ "ఎప్పుడూ తెరిచి ఉండే" మడవే కామన్ టెర్మినల్.

కామన్‌ను ఎటు కలపాలి?

సెన్సార్ ఇచ్చేదానికి ఎదురు దిక్కుకు. పీఎన్‌పీ 24 ఇస్తుంది కాబట్టి కామన్ 0 వోల్టులకు పోవాలి. ఎన్‌పీఎన్ 0 ఇస్తుంది కాబట్టి కామన్ 24 వోల్టులకు పోవాలి. రెండు వైపులా ఒకటే వోల్టేజీ ఉంటే మధ్యలో కరెంటు పారదు, ఇన్‌పుట్ వెలగదు.

ఇప్పుడు వచ్చే చాలా పీఎల్‌సీల ఇన్‌పుట్ లోపల ఆప్టోకప్లర్‌లో రెండు ఎల్‌ఈడీలు ఎదురుబొదురుగా ఉంటాయి. కరెంటు ఎటు నుంచి పారినా ఏదో ఒకటి వెలుగుతుంది. అందుకే ఒకే పీఎల్‌సీ రెండు రకాలకూ పనికొస్తుంది. సీమెన్స్ ఎస్7-1200లో ఈ కామన్ పేరు 1ఎమ్. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్3యూలో, డెల్టా డీవీపీలో దాని పేరు ఎస్/ఎస్. పేరేదైనా పై సూత్రం ఒకటే. అన్ని కంట్రోలర్లలో ఈ సౌకర్యం ఉండదు. కొన్నింట్లో ఇన్‌పుట్ ఒకే దిక్కుకు కట్టేసి ఉంటుంది, కొన్ని డ్రైవ్‌లలో చిన్న స్విచ్చో జంపరో ఉంటుంది. మూత తీసేముందు మాన్యువల్‌లో ఇన్‌పుట్ బొమ్మ ఒకసారి చూడండి.

మాన్యువల్‌లో "సింక్ ఇన్‌పుట్" అని ఉంది. అంటే ఎన్‌పీఎన్ పెట్టాలా, పీఎన్‌పీ పెట్టాలా?

ఈ మాటను నమ్ముకుంటే మునుగుతారు. సెన్సార్ల విషయంలో గొడవ లేదు: ఎన్‌పీఎన్ సింకింగ్, పీఎన్‌పీ సోర్సింగ్. ఇన్‌పుట్ దగ్గరికి వచ్చేసరికి కంపెనీలు రెండు రకాలుగా వాడతాయి. ఎక్కువ మందికి సింకింగ్ ఇన్‌పుట్ అంటే కరెంటును తనలోకి తీసుకునే ఇన్‌పుట్ అని అర్థం. దానికి కరెంటు ఇచ్చే పీఎన్‌పీ సెన్సార్ కావాలి. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ మాన్యువల్‌లో మాత్రం సింక్ ఇన్‌పుట్ అంటే సింకింగ్ సెన్సార్ పెట్టే ఇన్‌పుట్, అంటే ఎన్‌పీఎన్‌కు. మాట ఒకటే, అర్థం తలకిందులు.

నేనైతే ఆ మాటను చదివి వదిలేస్తాను. కామన్ టెర్మినల్ నుంచి వైరు ఎటు పోయిందో మీటరుతో చూస్తాను. 0 వోల్టులకు పోతే పీఎన్‌పీ, 24కు పోతే ఎన్‌పీఎన్.

మరి కామన్ వైరు తీసి 24కు పెడితే కొత్త సెన్సార్ పనిచేస్తుంది కదా?

ఆ మిల్లులో నేను పోకముందు ఆపరేటర్ ఇదే చేశాడు. ఎవరో ఫోన్లో "1ఎమ్‌ను 24కు మార్చు" అన్నారట. మార్చాడు. ఎలివేటర్ సెన్సార్ ఇన్‌పుట్ వెలగసాగింది, కానీ మొత్తం ప్యానెల్ చచ్చిపోయింది. స్టార్ట్ బటన్ పట్టదు, ఓవర్‌లోడ్ కాంటాక్టులన్నీ ట్రిప్ అయినట్టు చూపిస్తున్నది, మిగతా సెన్సార్ల ఇన్‌పుట్లు ఒక్కటీ వెలగవు.

కారణం చిన్నదే. ఆ మిల్లులో ఉన్నది ఎస్7-1200 రకం 1214సీ సీపీయూ, దాని 14 ఇన్‌పుట్లకూ కలిపి ఒకటే 1ఎమ్. బటన్లు, ఓవర్‌లోడ్ కాంటాక్టులు అన్నీ 24 వోల్టుల నుంచి ఇన్‌పుట్‌కు వచ్చేలా వేసి ఉన్నాయి. కామన్ కూడా 24 అయ్యేసరికి వాటికి రెండు వైపులా 24 వోల్టులే. ఒక్క సెన్సార్ కోసం పదమూడింటి నోరు కట్టినట్టయింది. అదృష్టం ఏమిటంటే ఇలా చేస్తే ఏదీ కాలిపోదు. 1ఎమ్‌ను మళ్లీ 0 వోల్టులకు పెట్టగానే అన్నీ లేచాయి.

ప్యానెల్లో అన్నీ ఎన్‌పీఎన్ అయితే కామన్‌ను 24కు పెట్టడం పూర్తిగా సరైన పద్ధతే. కొన్ని ఎక్స్‌పాన్షన్ మాడ్యూళ్లలో ఇన్‌పుట్లను గ్రూపులుగా విడదీసి గ్రూపుకో కామన్ ఇస్తారు. అలాంటిది ఖాళీగా ఉంటే ఆ ఒక్క గ్రూపును ఎన్‌పీఎన్‌కు వదిలేయవచ్చు. ఆ మిల్లులో మాడ్యూల్ లేదు.

చేతిలో ఉన్న సెన్సార్ ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

ముందు ఒంటి మీది బొమ్మ చూడండి. లోడ్ గుర్తును బ్లాక్‌కు, బ్లూకు మధ్య గీస్తే పీఎన్‌పీ. బ్రౌన్‌కు, బ్లాక్‌కు మధ్య గీస్తే ఎన్‌పీఎన్. మోడల్ నంబర్ కూడా చెబుతుంది. ఉదాహరణకు ఆటోనిక్స్ పీఆర్ సిరీస్‌లో చివర డీఎన్ ఉంటే ఎన్‌పీఎన్, డీపీ ఉంటే పీఎన్‌పీ, ఆ తర్వాత 2 ఉంటే నార్మల్లీ క్లోజ్డ్. మిల్లులో ఊక దుమ్ముకు, గ్రీజుకు ఈ అక్షరాలు ఏడాదిలో మాయమవుతాయి. అప్పుడు మీటరే దిక్కు.

బ్రౌన్‌ను 24కు, బ్లూను 0కు కలిపి, బ్లాక్‌ను పీఎల్‌సీ నుంచి విప్పండి. ఒక 2.2 కిలో ఓమ్ రెసిస్టర్‌ను బ్లాక్‌కు, బ్లూకు మధ్య పెట్టి దాని మీద డీసీ వోల్టేజీ చూడండి. ఎదురుగా స్పానర్ పెట్టి తీస్తుంటే 22, 23 వోల్టులు వచ్చి పోతుంటే అది పీఎన్‌పీ. ఏమీ కదలకపోతే రెసిస్టర్‌ను బ్రౌన్‌కు, బ్లాక్‌కు మధ్యకు మార్చి మళ్లీ చూడండి. ఇప్పుడు వచ్చి పోతుంటే ఎన్‌పీఎన్. రెండు చోట్లా కదలకపోతే ఔట్‌పుట్ పోయింది, సెన్సార్ లైటు వెలిగినా సరే.

రెసిస్టర్ లేకుండా ఉత్త మీటరుతో చూడొద్దు. కొన్ని ఎన్‌పీఎన్ సెన్సార్లలో బ్రౌన్‌కు, బ్లాక్‌కు మధ్య లోపలే ఒక పెద్ద రెసిస్టర్ ఉంటుంది. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి లోహం లేనప్పుడు బ్లాక్ మీద నిండుగా 24 చూపిస్తుంది, లోహం వస్తే 0. చూసినవాడు "ఇది నార్మల్లీ క్లోజ్డ్ పీఎన్‌పీ" అనుకుంటాడు. నేనూ కొత్తలో అలా అనుకుని ఒక పూట పోగొట్టుకున్నాను.

ఎన్‌పీఎన్ సెన్సార్‌ను పీఎన్‌పీ ఇన్‌పుట్‌కు కలిపే దారి ఏమైనా ఉందా?

ఉంది. ఆ రాత్రి కొట్లు మూసేశారు, లారీలో వడ్లు దిగుతున్నాయి. పుల్-అప్ రెసిస్టర్ వేశాం. ప్యానెల్లో 24 వోల్టుల నుంచి ఆ ఇన్‌పుట్ టెర్మినల్‌కు ఒక రెసిస్టర్, అదే టెర్మినల్‌కు సెన్సార్ బ్లాక్ వైరు. 1ఎమ్ మామూలుగా 0 వోల్టులకే. లోహం లేనప్పుడు కరెంటు రెసిస్టర్ గుండా ఇన్‌పుట్‌లోకి పారి ఇన్‌పుట్ వెలుగుతుంది. లోహం రాగానే సెన్సార్ ఆ టెర్మినల్‌ను 0 వోల్టులకు లాగేస్తుంది, ఇన్‌పుట్ ఆరిపోతుంది. అంటే లాజిక్ తిరగబడుతుంది.

రెసిస్టర్ విలువే ఇక్కడ కీలకం. ఎస్7-1200 ఇన్‌పుట్ 24 వోల్టుల దగ్గర సుమారు 4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే ఉజ్జాయింపుగా 6 కిలో ఓమ్‌లు. అది ఆన్ అయినట్టు గుర్తించాలంటే కనీసం 15 వోల్టులు, 2.5 మిల్లీ ఆంపియర్లు కావాలి. 2.2 కిలో ఓమ్ వేస్తే ఇన్‌పుట్ మీద నిలిచేది:

```
24 × 6 / (2.2 + 6) = 17.6 V
17.6 / 6 = 2.9 mA
```

సరిపోతుంది. అదే ఆపరేటర్ దగ్గర ఉన్న 4.7 కిలో ఓమ్ వేస్తే 13.5 వోల్టులే వస్తాయి. కంపెనీ లెక్క ప్రకారం 5 దాటి 15 లోపు ఉన్నది ఎటూ కాని వోల్టేజీ. ఈ రోజు వెలుగుతుంది, రేపు ఎండకు ప్యానెల్ వేడెక్కితే వెలగకపోవచ్చు. మరీ చిన్నది వేసినా చిక్కే. సెన్సార్ లాగినప్పుడు 24 వోల్టులూ ఆ రెసిస్టర్ మీదే పడతాయి. 2.2 కిలో ఓమ్‌లో అప్పుడు దాదాపు 0.26 వాట్ వేడి పుడుతుంది కాబట్టి పావు వాట్‌ది వద్దు, అర వాట్‌కు తగ్గకూడదు. 1 కిలో ఓమ్ వేస్తే వేడి 0.58 వాట్.

రెసిస్టర్ బిగించేటప్పుడు ప్యానెల్ మెయిన్ ఆఫ్ చేయండి. 24 వోల్టుల పక్క టెర్మినల్‌లోనే 415 వోల్టులు ఉండే ప్యానెళ్లు మన దగ్గర కోకొల్లలు.

లాజిక్ తిరగబడితే ప్రోగ్రాం మార్చాలి కదా?

ఆ ఎలివేటర్‌కు మార్చలేదు, అక్కర్లేదు కూడా. ప్రోగ్రాం చూసేది పల్సులు వస్తున్నాయా లేదా అన్నదే. చుట్టుకొకసారి వెలిగి ఆరినా, చుట్టుకొకసారి ఆరి వెలిగినా లెక్క ఒకటే. పైగా బ్లాక్ వైరును ఎలుక కొరికినా, వైరు 0 వోల్టులకు తగులుకున్నా ఇన్‌పుట్ ఒకే స్థితిలో నిలిచిపోతుంది. పల్సులు ఆగి మోటారు ట్రిప్ అవుతుంది, మనకు కావాల్సిందీ అదే. స్పీడ్ చూసే సెన్సార్‌కు పుల్-అప్ నిజంగానే నప్పుతుంది.

గేటు తెరిచి ఉందా, మూసి ఉందా అని చూసే సెన్సార్‌కైతే అలా కాదు. అక్కడ ప్రోగ్రాంలో ఆ ఇన్‌పుట్‌ను తిరగరాయాలి. ఆరు నెలల తర్వాత మరొకరు వచ్చి సరైన పీఎన్‌పీ సెన్సార్ వేస్తే కొత్త గొడవ మొదలవుతుంది. రెసిస్టర్ అలాగే ఉంటే ఇన్‌పుట్ ఎప్పుడూ వెలిగే ఉంటుంది, ఎందుకంటే పీఎన్‌పీ సెన్సార్ 24 ఇవ్వగలదు కానీ కిందికి లాగలేదు. అందుకే పుల్-అప్ వేసిన టెర్మినల్ దగ్గర "ఎన్‌పీఎన్, రెసిస్టర్ ఉంది" అని మార్కర్‌తో రాసి వస్తాను.

రెసిస్టర్ లెక్కలు ఎందుకు, మధ్యలో ఒక 24 వోల్టుల రిలే పెడితే పోదా?

గేటు సెన్సార్‌కు మంచి పద్ధతి. రిలే కాయిల్‌ను 24కు, బ్లాక్‌కు మధ్య పెట్టి, దాని కాంటాక్ట్ ద్వారా 24 వోల్టులను ఇన్‌పుట్‌కు ఇవ్వండి. లాజిక్ తిరగబడదు. కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ ఉండాలి, దాని గీత ఉన్న కొస 24 వైపు. లేకుంటే కాయిల్ విడిచినప్పుడు పుట్టే వోల్టేజీ సెన్సార్ ఔట్‌పుట్‌ను కొడుతుంది.

ఎలివేటర్ సెన్సార్‌కు మాత్రం వద్దు. షాఫ్టు నిమిషానికి 60 చుట్లు తిరుగుతుందనుకుందాం. రిలే సెకనుకోసారి కొట్టుకుంటుంది, రోజుకు 86,400 సార్లు. కోటి సార్లు కొట్టుకునే రిలే అయినా రాత్రింబవళ్లు నడిచే మిల్లులో నాలుగు నెలలు నిండకుండానే అయిపోతుంది. సీజన్ మధ్యలోనే పోతుందన్నమాట.

సెన్సార్ సరైనదే, కామన్ సరైనదే. అయినా ఇన్‌పుట్ వెలగడం లేదు. ఇంకేముంటుంది?

సెన్సార్‌కు ఒక పవర్ సప్లై, పీఎల్‌సీకి మరొకటి ఉన్నాయేమో చూడండి. తర్వాత జోడించిన కన్వేయర్లలో ఇది మామూలు. సెన్సార్ ఇచ్చిన కరెంటు పీఎల్‌సీలోకి పోయి, కామన్ గుండా తిరిగి తన సప్లైకే రావాలి. రెండు సప్లైల 0 వోల్టులు కలిసి లేకపోతే వచ్చే దారి ఉండదు. సెన్సార్ సప్లై 0 వోల్టుల నుంచి పీఎల్‌సీ సప్లై 0 వోల్టులకు మీటరు పెట్టి కంటిన్యుటీ చూడండి. లేకుంటే ఒక వైరుతో కలపండి. ప్లస్‌లను కలపకండి.

కొనేటప్పుడు ఏది కొనాలి?

ప్యానెల్లో ఏది ఉంటే అదే. కొత్త ప్యానెల్ అయితే నేను పీఎన్‌పీ అంటాను, దానికి కారణం ఉంది. చాలా ప్యానెళ్లలో 0 వోల్టులను ఎర్త్‌కు కలుపుతారు. ఎన్‌పీఎన్ బ్లాక్ వైరు తోలు ఒలిచి మిషన్ బాడీకి తగిలితే ఇన్‌పుట్‌కు 0 వోల్టులు అందినట్టే. అక్కడ లోహం లేకున్నా పీఎల్‌సీ ఉందనుకుంటుంది. పీఎన్‌పీ వైరు అలాగే తగిలితే ఇన్‌పుట్ ఆరిపోతుంది, లేదా షార్ట్ అయి సెన్సార్ తన ఔట్‌పుట్‌ను ఆపుకుంటుంది. లేని సిగ్నల్ మాత్రం రాదు. బయటి నుంచి ఎన్‌పీఎన్ సెన్సార్లతోనే వచ్చిన మిషన్‌ను మాత్రం కదిలించకండి, దాని స్పేర్లు ఎన్‌పీఎన్‌లోనే కొనండి.

కొట్టుకు పోయేటప్పుడు పాత సెన్సార్‌తో పాటు దాని లేబుల్ ఫోటో కూడా పట్టుకెళ్లండి. మర సైజు, దూరం, నార్మల్లీ ఓపెన్ లేదా క్లోజ్డ్, ఎన్‌పీఎన్ లేదా పీఎన్‌పీ అన్న నాలుగూ నోటితో చెప్పించుకుని కొనండి. ఆ మిల్లు కుర్రాడు మర్నాడు పీఎన్‌పీ తెచ్చాడు. రెసిస్టర్ తీసేసి అదే వేశాం, ఎన్‌పీఎన్‌ది డబ్బాలో పడి ఉంది.

రెండు వైర్ల డీసీ సెన్సార్ కొంటే ఈ ఎన్‌పీఎన్, పీఎన్‌పీ గొడవే ఉండదు కదా?

ఉండదు. అది స్విచ్చులాగా లోడ్‌తో వరుసలో ఉంటుంది, ప్లస్ మైనస్‌లు చూసుకుని ఎటు వైపైనా పెట్టవచ్చు. కాకపోతే లోపలి సర్క్యూట్ బతకడానికి అది ఆఫ్‌లో ఉన్నప్పుడూ కొంచెం కరెంటు లాగుతూనే ఉంటుంది. ఎస్7-1200 ఇన్‌పుట్ కచ్చితంగా ఆఫ్ అనుకోవాలంటే ఆ లీకేజీ 1 మిల్లీ ఆంపియర్ దాటకూడదు. దాటే సెన్సార్ అయితే లోహం పోయినా ఇన్‌పుట్ ఆరకపోవచ్చు. అప్పుడు ఇన్‌పుట్‌కు, 1ఎమ్‌కు మధ్య ఒక రెసిస్టర్ వేసి ఆ మిగులు కరెంటును పక్కదారి పట్టించాలి. అంటే ఒక రెసిస్టర్ లెక్క తప్పించుకోబోయి మరో రెసిస్టర్ లెక్కలోకి వచ్చినట్టే.